నాలుగో గోలు

ప్రెస్సులో అచ్చుతప్పులు దిద్దడం ఆయన ఉద్యోగం. ఆదివారాలు మాత్రం మహిళల ఫుట్‌బాల్ లీగ్‌కి పాయింట్ల పట్టిక రాసేవాడు. పందొమ్మిదేళ్లు రాశాడు. ఆడేవాళ్లంతా ఆయన్ని పాయింట్ల బాబాయ్ అనేవాళ్లు.

ఆ ఏడాది ఆఖరి ఆట అయ్యేసరికి లాండ్రీ టీముకీ, బస్ డిపో టీముకీ ఇరవై ఒక్కేసి పాయింట్లు వచ్చాయి. మొదట ఉన్న టీమే పై డివిజన్‌కి వెళ్తుంది. పాయింట్లు సమానమైతే గోల్స్ తేడా చూడాలి. వేసినవాటిలోంచి తిన్నవి, అంటే ఎదుటివాళ్లు తమ మీద వేసినవి, తీసేస్తే మిగిలేది అది. అదీ సమానమైతేనే ఆ ఇద్దరూ ఎదురెదురుగా ఆడిన ఆటలు చూడాలి.

బాబాయ్ పుస్తకంలో ఇద్దరిదీ ఏడే. ఎదురెదురు ఆటల్లో డిపో ఒకటి గెలిచింది, ఇంకోటి డ్రా. డిపో పేరు పైన రాసేశాడు.

లాండ్రీ కెప్టెన్ దగ్గరికొచ్చి మెల్లగా అడిగింది.

"బాబాయ్, మాది ఎనిమిది కాదూ?"

"పుస్తకం చూసే రాశానమ్మా."

ఆమె సరేనని వెళ్లిపోయింది.

ప్రతి వారం ఆయన అన్ని టీముల గోల్స్ తేడాలూ కలిపి చూసేవాడు. ఒకరు వేసిందే ఇంకొకరు తిన్నది కాబట్టి మొత్తం సున్నా రావాలి. ఆ రోజు కప్పు ఇచ్చే పెద్దమనిషి తొందరపెడుతుంటే ఆ పని వదిలేశాడు. మూడు వారాల తర్వాత పుస్తకం అటకెక్కించబోతూ అలవాటుకొద్దీ కలిపాడు. ఒకటి తక్కువ వచ్చింది.

రిఫరీల చీటీలన్నీ తిరగేశాడు. ఆస్పత్రి టీము మీద లాండ్రీ నాలుగు–సున్నాతో గెలిచింది. ఆస్పత్రి తిన్నవి నాలుగని సరిగ్గానే రాసి, లాండ్రీ వేసినవి మూడని రాశాడు. అంటే లాండ్రీది ఎనిమిది. ఎదురెదురు ఆటల దాకా పోవాల్సిన పనే లేదు, పైకి వెళ్లాల్సింది లాండ్రీయే.

కమిటీకి ఉత్తరం పెట్టాడు. అభ్యంతరాలకు గడువు వారమేనని, అది దాటిపోయిందని జవాబొచ్చింది.

లాండ్రీకి వెళ్లాడు. ఇస్త్రీ బల్లల మధ్య ఆవిరి కమ్ముకుని ఉంది. తప్పు తనదేనని చెప్పాడు. కెప్టెన్ దుప్పటి మడత ఆపలేదు.

"తెలుసు బాబాయ్. ఆ నాలుగో గోలు నేనే కొట్టాను."

"మరి ఆ రోజు గట్టిగా చెప్పలేకపోయావా తల్లీ?"

"మీరు పుస్తకం చూశానన్నారుగా. నేనే పొరబడ్డానేమో అనుకున్నాను. ఇంటికెళ్లాక మా టీము పిల్లలందరం కూర్చుని లెక్కేసుకున్నాం."

"అప్పుడైనా రావాల్సింది."

"వచ్చేదాన్నే. కమిటీ ముందు, అంతమందిలో మీరు తల దించుకునేలా చేయాలనిపించలేదు."

ఆమె నాలుగు తిట్లు తిట్టినా బాగుండేదనుకున్నాడు. మోకాలు అరిగి ఆమెకదే ఆఖరి ఏడాదని ఆయనకి తెలుసు.

పట్టిక పని మానేశాడు. ఇంకొకరెవరో రాస్తున్నారు. ఆదివారాలు మాత్రం మైదానానికి వెళ్లి, గట్టు మీద కూర్చుని, లాండ్రీ పిల్లల ఆట చూసి వస్తాడు. వాళ్లింకా కింది డివిజన్‌లోనే ఆడుతున్నారు.