కడిగేసిన ఎంబాక్స్

జహీరాబాద్‌లో అల్లం వ్యాపారం చేసే మహాదేవమ్మ నెట్ సెంటర్‌లో మండిపడుతోంది. ఆమె పాత మెయిల్ ఖాతా మూతపడేలోపు, ఉత్తరాలన్నీ ఎంబాక్స్ అనే ఒకే ఫైలుగా ఆ సెంటర్ నడిపే బసవరాజ్ దింపి ఇచ్చాడు. ఇంట్లో నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే, ఉత్తరాల మధ్య పేజీల కొద్దీ అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాలు కనిపించాయి. అల్లానికంటిన మట్టిని వదిలించినట్టు అవన్నీ తుడిచేసి సేవ్ చేసింది.

"అవే నీ ఫొటోలక్కా! మెయిల్ ప్రోగ్రాంలకు ఎక్కిస్తే బొమ్మలైతుండె" అన్నాడు బసవరాజ్.

"గా ముచ్చట ఇచ్చిననాడే చెప్పొద్దా? కుళ్లిన సరుకు పంపినవని బొంబాయి సేటు అంటున్నడు. లారీకెక్కించేటప్పటి ఫొటోలు ఇంకేడ తేవాలె?"

ఖాతా అప్పటికే మూతపడింది. బసవరాజ్ నకలు కూడా ఉంచుకోలేదు.

"ఇన్నేండ్ల సంది అల్లం కడుగుతున్న. మట్టి అనుకొని అల్లమే పారబోసుడు గిదే మొదలు!"