అరగంట టైము

జోయల్ కళ్యాణదుర్గం చుట్టుపక్కల తోటల్లో డ్రిప్పు పైపులు బాగుచేస్తాడు. వచ్చి చూసేందుకు ఒక్క అరగంట టైమివ్వమని బతిమాలినన్నాళ్లూ రైతులు "రేపు రాప్పా" అన్నారు. ఎందుకిస్తారు? ముందు ఇతనేమిచ్చాడని?

అందుకే ఒక చీటీ రాసి వాట్సాప్‌లో ఊరికే పంచాడు. ఫిల్టరు జాలీ కడగండి. పైపుల చివరి మూతలు విప్పి మురికి పోనివ్వండి. వరుసలో మొదటి చుక్క కింద, చివరి చుక్క కింద ఒక్కో గ్లాసు పెట్టండి. చివరి గ్లాసు బాగా వెలితిగా ఉంటే నన్ను పిలవండి.

ఫోన్లు మొదలయ్యాయి. అతని భార్య సారా మాత్రం చీటీ చదివి కస్సుమంది.

"బోరులో నీళ్లుండాయా అని యాడ రాసినావు?"

"అది రాస్తే ఎవరు పిలుస్తారే?"

"ఎండిన బోరుకు పైపులు కడిగి దుడ్లు తీసుకుంటావా?"

జోయల్ తలొంచుకుని దాన్నే మొదటి ప్రశ్నగా చేర్చాడు. మోటారు గంటసేపు ఆడితే నీళ్లు తెగకుండా వస్తున్నాయా? రాకపోతే డ్రిప్పు మీద ఖర్చు పెట్టకండి.

చీటీ మళ్లీ ఊళ్లు తిరిగింది. ఫోన్లు ఆగిపోయాయి. చివరికి బెళుగుప్ప నుంచి బాలప్ప అనే బత్తాయి తోట రైతు చేశాడు.

"నీ చీటీ చూసి మోటారు ఏసినాను. కాసేపటికే నీళ్లు తెగి గాలి పట్టింది. మంచిమాట చెప్పినావప్పా, లేకుంటే పైపులకు మళ్లా అప్పు చేసేటోన్ని."

జోయల్ అలవాటు మాటే అన్నాడు. "ఒక అరగంట టైమిస్తావా అన్నా, వచ్చి చూస్తా?"

"అరగంటేందప్పా? చెట్లు కొట్టేస్తాండా. ఇంక నాకు పొద్దంతా ఖాళీనే."