మౌస్ పట్టని మహాదేవి

బేతంచెర్ల బండల ఫ్యాక్టరీల మధ్య లారీల బుకింగ్ ఆఫీసు ఒకటుంది. యజమానులంతా కలిసి పెట్టుకున్నది. అందులో కంప్యూటర్ ముందు కుర్చీ మహాదేవిది. ఆరేళ్లుగా ఆమెదే. ఆ కుర్చీలోంచి ఆమెను లేపాలని చూసినవాళ్లకు ఏం జరిగిందో ఆ వీధిలో చెప్పుకుంటున్నారు, కాస్త ఉప్పూకారం కలిపే అనుకోండి.

మహాదేవి పందొమ్మిదేళ్లప్పుడు పాలిష్ ఫ్యాక్టరీలో బండలు దించే పని చేసేది. ఒకరోజు తడిబండ జారి రెండు చేతుల మీదా పడింది. ఎముకలు అతుక్కున్నాయి గానీ వేళ్లలో పట్టు తిరిగి రాలేదు. ఒక్కో వేలితో మీట నొక్కగలదు. మౌస్ పట్టుకుంటే మాత్రం తెరమీద బాణం గుర్తు పిచ్చిపట్టినట్టు తిరుగుతుంది. అయితే ఏమైంది అనుకుంది ఆమె. కీబోర్డు మీదే పని నేర్చుకుంది. ట్యాబ్ నొక్కితే ఒక లింకు నుంచి తర్వాతి లింకుకి, షిఫ్టుతో కలిపి నొక్కితే వెనక్కి, కావలసిన చోట ఎంటర్. ఎక్కడుందో తెలియడానికి ఆ లింకు చుట్టూ నీలం గీత ఒకటి కనిపించేది. ఆ గీత వెంట పోతూ ఆమె మౌస్ పట్టినవాళ్లకంటే ముందే బుకింగులు ముగించేది.

రెండు నెలల కిందట యజమానుల సంఘం సెక్రటరీ పెద్ద ఈరన్న బుకింగ్ సైటును కొత్తగా చేయించాడు. కర్నూలు నుంచి బసవరాజ్ అనే డిజైనర్ వచ్చి చేసిపోయాడు. రంగులు బాగున్నాయి, ఫొటోలు బాగున్నాయి. నీలం గీత మాత్రం లేదు. మహాదేవి ట్యాబ్ నొక్కితే తెరమీద ఏమీ కదల్లేదు. కదలక కాదు, కదిలింది కనబడక.

ఆమె ఫోన్ చేసింది. "అమ్మా, ఆ గీత అందం చెడగొడుతుంది, తీసేశాం. మీరు మౌస్ వాడండి" అన్నాడు బసవరాజ్. చేతుల సంగతి చెప్పేలోపే పెట్టేశాడు. ఈరన్నకు చెబితే, "అలవాటైపోతాదిలే పాపా" అని ఊరుకున్నాడు.

ఇక లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టింది. పేజీ పైనుంచి తొమ్మిది ట్యాబులకు మొదటి లారీ. ఒక్కో లారీకి వరసగా మూడు లింకులు: వివరాలు, మార్చు, రద్దు. నాలుగో లారీ వివరాలు కావాలంటే పద్దెనిమిది. పెదవులు కదుపుతూ నొక్కేది. మధ్యలో ఎవరైనా పలకరిస్తే మళ్లీ మొదటికి. సాయంత్రానికి తల బద్దలయ్యేది. చూసే పనిని లెక్కపెట్టే పనిగా మార్చినవాడికి ఆ తలనొప్పిలో వాటా ఇవ్వాలని ఆమెకు శానా కోరికగా ఉండేది.

ఒక బుధవారం పొద్దున బసవరాజ్ కర్నూలులో కూర్చునే సైటు పైభాగాన ఒక ప్రకటన లింకు పెట్టాడు. మహాదేవికి ఎవరూ చెప్పలేదు. నాలుగో లారీ వివరాలు అడిగారు. పద్దెనిమిది నొక్కి ఎంటర్ కొట్టింది. పైన ఒకటి పెరిగింది కదా, ఆమె ఒక లింకు వెనకే ఉండిపోయింది. అక్కడున్నది మూడో లారీ రద్దు. ఆ కొత్త సైటు "నిజంగా రద్దు చేయాలా" అని కూడా అడగలేదు. రాయచోటికి పోవలసిన లారీ ఇంకో సరుకుకు వెళ్లిపోయింది. ఎత్తడానికి వచ్చిన కూలీలు ఎండలో బండల పక్కన కూర్చున్నారు.

సాయంత్రం ఈరన్న ఆమెను పిలిచాడు.

"పాపా, నీమీద కోపం ల్యా. చేతులు బాగాల్యాని మనిషిని ఆడ కూర్చోబెట్టడం మాదే పొరపాటు. సోమవారం నుంచి గేటు కాడ కూర్చో. లారీలు లోపలికి వస్తాంటే చూసుకో సాలు."

గేటు దగ్గర పని లేదని ఇద్దరికీ తెలుసు. మహాదేవికి ఒళ్లంతా మండింది. జాలి చూపించి కుర్చీ లాక్కునేవాళ్లంటే ఆమెకు మొదటినుంచీ పడదు.

"ఆరేళ్లు ఈ చేతులతోనే కదన్నా చేసినా. అప్పుడు బాగున్న చేతులు ఈ రెండు నెలల్లో చెడిపోయినాయా? సోమవారం ఆ బసవరాజును ఈడికి పిలిపియ్. ఆయప్ప నా ముందర కూర్చుని పని చేసి చూపిస్తే నేనే లేచి గేటు కాడికి పోతా."

సోమవారం బసవరాజ్ వచ్చాడు. నలుగురైదుగురు ఫ్యాక్టరీల వాళ్లూ వేడుక చూడటానికి వచ్చారు. మహాదేవి అతన్ని తన కుర్చీలో కూర్చోబెట్టి, మోచేత్తో మౌస్‌ను పక్కకు తోసి, రెండు అరచేతుల మధ్య దాని వైరు పట్టి లాగేసింది.

"మూడో లారీ వివరాలు తెరువప్పా."

అతను నవ్వుతూ ట్యాబ్ నొక్కుతూ పోయాడు. ఎంటర్ కొట్టాడు. "మమ్మల్ని సంప్రదించండి" పేజీ తెరుచుకుంది. ఎవరో కిసుక్కుమన్నారు. వెనక్కి వచ్చి ఈసారి జాగ్రత్తగా నొక్కాడు. ఎంటర్ మీద వేలు పెట్టి ఆగిపోయాడు.

"నొక్కు. ఏల ఆగినావు?"

"రద్దు మీద ఉందేమో..."

"నువ్వు చేసిన సైటే కదప్పా. యాడుండావో నీకే తెలీదు. ఆ 'ఏమో'తోనే రెండు నెలలుగా నేను పని చేస్తాండా."

బసవరాజ్ ముఖం ఎర్రబడింది. "మీకోసం వేరే పేజీ ఒకటి చేసిస్తాను" అన్నాడు.

"నాకొక్కదానికి ఏల? ఈడ మౌస్ పాడైతే ఈరన్న ఏం చేయాల? చేయి వణికే ముసలాయన వస్తే ఏం చేయాల? అందరి పేజీలోనే పెట్టు."

"క్లిక్ చేసిన ప్రతిసారీ గీత వస్తుంటే యజమానులు ఒప్పుకోరమ్మా."

"మౌస్‌తో క్లిక్ చేస్తే రాకుండా, కీబోర్డుతో పోతేనే వచ్చేటట్టు పెట్టొచ్చంట కదా. నేను నెట్‌లో చదివినా. నీకు తెలీదా?"

తెలుసు. తెలిసీ పెట్టలేదు. ఆ మాట అతనే ఒప్పుకున్నాడు.

ఈరన్న కుర్చీ దగ్గరికి వచ్చాడు. అతనూ ఒకప్పుడు కటింగ్ మిషన్ మీద పని చేసినవాడే. "బసవరాజూ, బండ మీద సుద్దగీత ల్యాకుండా మిషన్ ఆడిస్తే మా మేస్త్రి తన్నేవాడు. పాలిష్ పట్టినాక ఆ గీత ఎవరికీ కనపడదు. కోసేవానికి మాత్రం కనపడాల. పెట్టు" అన్నాడు.

బసవరాజ్ తన ల్యాప్‌టాప్ తెరిచాడు. గీతను తీసేయమని తాను రాసిన ఒక్క వరస కొట్టేసి, కీబోర్డుకు మాత్రమే వచ్చేలా కొత్తది రాశాడు. సన్నటి బూడిదరంగు గీత వచ్చింది. తెల్లటి పేజీ మీద అది ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. మహాదేవి తల అడ్డంగా ఊపింది. ముదురు నీలం మందంగా పెట్టాడు. పైన నీలం పట్టీలోకి పోయేసరికి అదీ కలిసిపోయింది. "అది కూడా" అంది. అక్కడ పసుపు పెట్టాడు. రద్దు చేసేముందు అడిగే ప్రశ్న కూడా ఆమె చెప్పకముందే పెట్టాడు. బుద్ధి వచ్చిన లక్షణమే అది.

మహాదేవి నిలబడే ట్యాబ్ నొక్కింది. గీత ఒక్కో లింకు మీద ఆగుతూ కిందికి దిగింది.

"ఇంకేం పాపా, కూర్చో" అన్నాడు ఈరన్న, ఒక తెల్లకాగితం ముందుకు తోస్తూ. "ఆ రాయచోటి లారీ గురించి, పొరపాటున నొక్కినా అని ఒక్క ముక్క రాసియ్. ఫైలు మూసేద్దాం."

మహాదేవి కూర్చోలేదు.

"నేను నొక్కింది నిజమే. నా కండ్లకు గంతలు కట్టింది ఎవరు, అన్నా? నేను రాయను. నన్ను గేటు కాడికి పంపించినా రాయను."

ఈరన్న కాగితం వైపు, ఆమె చేతుల వైపు చూశాడు. చివరికి బసవరాజే చెయ్యి చాచి ఆ కాగితం తనవైపు లాక్కున్నాడు. జేబులోంచి పెన్ను తీసి, లింకు ఎక్కడుందో కనబడకుండా చేసినందువల్లే లారీ రద్దయిందనీ, ఆ పని చేసింది తాననీ రాసి సంతకం పెట్టాడు.

మహాదేవి ఆ కాగితం మొదటినుంచి చివరిదాకా చదివింది. తర్వాత బసవరాజ్‌తో, "ఇంక లెయ్యప్పా, అది నా కుర్చీ" అంది.