మార్కులేసే చేతికి మా అభిప్రాయాలు

మాకు బోధనా పద్ధతులు చెప్పే మెథడ్స్ లెక్చరర్‌గారికి డాక్టరేట్ కావాలి. మాకు బీఈడీ కావాలి. ఈ రెండు అవసరాలూ ఒకే గదిలో పడ్డాయి, అదే మా ఖర్మ. డెబ్బైల చివర్లో రాజమండ్రిలో చదివిన ఆ ఒక్క ఏడాది గురించి ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. సిగ్గేసి చెప్పలేదు.

ఆయన మనిషి చూడ్డానికి శుభ్రంగా ఉండేవారు. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు, మాట చివర ‘అండి’. ఆడపిల్లల్ని కూడా క్లాసులో ‘ఏమండీ’ అనేవారు. ఈ మర్యాద వెనక ఏముందో తెలియడానికి నాకు ఆరు నెలలు పట్టింది.

ఆయన పరిశోధనాంశం ప్రోగ్రామ్డ్ లెర్నింగ్. ఆ రోజుల్లో అదో మోజు. మేష్టారు పాఠం చెప్పక్కర్లేదు, పుస్తకమే చెబుతుంది. పాఠాన్ని చిన్నచిన్న ముక్కలు చేసి, ఒక్కో ముక్క కింద ఒక ఖాళీ పెడతారు. ఆ ఖాళీలో రాయాల్సిన జవాబు పక్క మార్జిన్‌లోనే ఉంటుంది. దాన్ని అట్టముక్కతో కప్పుకుని, జవాబు రాశాక అట్ట కిందికి జరిపి సరిచూసుకోవాలి. ఆ పుస్తకాలు ఆయనే రాసి, సైక్లోస్టైల్ చేయించి మా సెక్షన్‌కి పంచారు. రెండో సెక్షన్‌కి ఒక పెద్ద మేష్టారు మామూలుగా నోటితోనే పాఠం చెబుతారు. చివర్లో రెండు సెక్షన్లకీ ఒకే పరీక్ష. ఎవరికి ఎక్కువ మార్కులొస్తే ఆ పద్ధతి గొప్పదన్నమాట. పరీక్ష పేపరు రాసేదీ ఆయనే, దిద్దేదీ ఆయనే. కంచే చేను మేస్తే అడిగేదెవరు?

మొదటిరోజు ఆయన రెండు చేతులూ జోడించి మరీ చెప్పారు. “ఇందులో బలవంతం ఏమీ లేదండి. ఇష్టం లేనివాళ్లు లేచి లైబ్రరీకి వెళ్లిపోవచ్చు.” ఆయన ముందు బల్లమీద మా రికార్డు పుస్తకాలు దొంతరగా ఉన్నాయి. మేం బళ్లకి వెళ్లి చెప్పిన పాఠాల పథకాలన్నీ వాటిలో ఉంటాయి. వాటిమీద ఆయన సంతకం లేకపోతే ప్రాక్టికల్ పరీక్షకి కూర్చోనివ్వరు. ఇంటర్నల్ మార్కులు కూడా ఆయన చేతిలోవే. ఒక్కరూ లేవలేదు. “చూశారా, ఎంత ఉత్సాహమో” అన్నారాయన. ఆ మాట ఆయన నిజంగానే నమ్మారని ఇప్పటికీ అనుకుంటాను. కపటం ఉన్నవాడినైనా క్షమించొచ్చు గానీ, ఇలా నమ్మేసేవాడితో వేగలేం.

అట్ట జరిపే పని మాలో ఎవరూ చేయలేదు. ముందు జవాబు చూసేసి, తర్వాత ఖాళీ నింపేవాళ్లం. నలభై నిమిషాల పాఠం పదిహేను నిమిషాల్లో అయిపోయేది. మిగతా టైములో పక్కమ్మాయి జడలో కనకాంబరాలు లెక్కపెట్టుకునేవాళ్లం. ఆయన మాత్రం బల్లల మధ్య తిరుగుతూ, అన్నీ ఒప్పులే ఉన్నాయని మురిసిపోయేవారు.

ఆఖరున అభిప్రాయాల పత్రం ఇచ్చారు. ఈ పద్ధతి గురించి నలభై వాక్యాలు, ఒక్కోదాని పక్కన ‘పూర్తిగా అంగీకరిస్తాను’ నుంచి ‘అసలు అంగీకరించను’ దాకా ఐదు గడులు. పేరు రాయక్కర్లేదన్నారు. పై మూల రోల్ నంబరు మాత్రం తప్పనిసరి.

హాస్టల్లో మా గదిలో పెద్దమ్మాయి ఒక ఉపాయం చెప్పింది. “అన్నిటికీ పూర్తిగా అంగీకరిస్తానని పెట్టేయండే, గొడవుండదు.” దాదాపు అందరూ అలాగే పెట్టేశారు. అయితే అలాంటి పత్రాల్లో సగం వాక్యాలు మెచ్చుకుంటూ, సగం తెగడుతూ ఉంటాయి. గుడ్డిగా టిక్కులు పెట్టేవాళ్లని పట్టుకోడానికే అలా రాస్తారు. మావాళ్లు ‘ఈ పద్ధతి ఎంతో ఆసక్తికరం’ అన్నదానికీ, ‘ఈ పద్ధతి వట్టి కాలహరణం’ అన్నదానికీ ఒకే భక్తితో తలూపేశారు.

నిజాయితీ ఉన్నవాడైతే ఆ కాగితాలు చూసి, వీళ్లు నాకు భయపడుతున్నారని గ్రహించేవాడు. మా మేష్టారు క్లాసుకొచ్చి, “మీరు తొందరలో చదవలేదండి” అని, ఏయే వాక్యాలు తిరగేసి ఉన్నాయో చదివి వినిపించి, కొత్త కాగితాలు పంచారు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. రాయించుకునేవాడికి రాసేవాడు ఇంకా లోకువ.

రెండుసార్లూ నా కాగితం ఒక్కటే తేడాగా ఉంది. నేను నిజం రాశాను. ధైర్యం ఉండి కాదు, బీఎస్సీ చదివిన అమాయకత్వం. థర్మామీటరు ఎంత చూపిస్తే అంతే రాయాలని మాకు నేర్పారు మరి. పాఠం అర్థం కాలేదనీ, జవాబులు ముందే చూస్తున్నామనీ, ఎవరైనా నోటితో చెబితే బాగుండుననీ పెట్టాను.

ఆ తర్వాత మూడు వారాలు నా రికార్డు తిరిగి రాలేదు. అడిగితే, “చూస్తున్నానమ్మా” అనేవారు. ‘అండి’ పోయి ‘అమ్మా’ వచ్చిందని గమనించాను. రావులపాలెం దగ్గర ఒక హైస్కూలువాళ్లు ఆ వేసవికి బీఈడీ పాసైతే సైన్సు టీచరుగా తీసుకుంటామన్నారు. తునిలో మా నాన్నగారు కొట్లో కూర్చుని, వచ్చినవాళ్లందరికీ ఆ మాట చెప్పేసుకున్నారు. ప్రాక్టికల్ పోతే ఆ ఉద్యోగం ఇంకొకరిది.

రెండో సెక్షన్ పెద్ద మేష్టారి దగ్గరికెళ్లి ఏడ్చాను. ఆయన ముక్కుపొడుం పీల్చారు.

“మార్కులేసే చేత్తోనే నా పాఠం ఎలా ఉందని అడిగితే ఎవరు నిజం చెబుతారమ్మా? కాకినాడలోనో ఇంకెక్కడో ఆయన మొహం తెలియని పిల్లలు లేరా, ఈ ప్రయోగం చేసుకోడానికి? పోనీ, కాగితాలు నేను పోగుచేస్తాను, నంబర్ల బదులు గుర్తులు వేసి, ఏ గుర్తు ఎవరిదో నా దగ్గరే ఉంచుకుని, మీ ఫలితాలొచ్చాక ఇస్తానని ఆయనతోనూ అన్నాను. పరీక్ష మార్కులతో జత కలుపుకోడానికి ఆ గుర్తులు చాలు కూడాను.”

“ఏమన్నారండి?”

“నామీద నమ్మకం లేదా అన్నారు.”

ప్రిన్సిపాల్‌గారితో చెప్పమని అడిగాను. “చెప్పాను. కాలేజీకి ఒక డాక్టరేట్ వస్తోంది కదండీ అన్నారు” అని ఆయన పొడుం డబ్బీ మూసేశారు. మంచి మనిషే. మంచితనం అక్కడితో ఆగిపోయింది.

ప్రాక్టికల్స్ ఇంకో నాలుగు రోజులుందనగా లెక్చరర్‌గారు తన గదికి పిలిచారు. బల్లమీద నా రికార్డు, దానిమీద నా పత్రం, పక్కన పెన్సిలు, రబ్బరు. “నీకు ప్రశ్నలు సరిగ్గా అర్థం కాలేదనుకుంటానమ్మా. మళ్లీ ఒకసారి చూసుకో” అన్నారు, ఎంతో దయగా. కుర్చీ కూడా ఆయనే జరిపారు.

నేను చెరపడం మొదలెట్టాను. గడి గీత చెదరకుండా శుభ్రంగా చెరిపాను. అదే నాకు అన్నిటికన్నా రోత. ముప్ఫై దాకా మార్చాక ఆయన కాగితం వైపు వంగి చూసి, “అన్నీ మార్చకమ్మా. ఒక రెండు అలాగే ఉంచు. సహజంగా ఉండాలి కదా” అన్నారు.

నా నిజాల్లో ఏ రెండు బతకాలో నన్నే ఎంచుకోమన్నారు. ఎంచాను. అచ్చు మసకగా ఉందన్నదీ, పుస్తకం సైజు పట్టుకోడానికి వీలుగా లేదన్నదీ ఉంచాను. పాఠం అర్థం కాలేదన్న వాక్యం పక్కన మాత్రం గడి మార్చి, ‘అసలు అంగీకరించను’ గడిలో నల్లగా, గట్టిగా టిక్కు పెట్టాను. ఆయన తలూపి, రికార్డు తెరిచి, పేజీకొకటి చొప్పున సంతకాలు పెట్టుకుంటూ పోయారు. నేను కుర్చీలోంచి లేచి, చేతులు కట్టుకుని నిలబడి, ప్రతి సంతకానికీ థాంక్యూ సార్ అన్నాను.