మురికి కింది అక్షరం

పొద్దున్నే కొట్టు తెరిచి, దేవుడికి దండం పెట్టుకుని, అల్మారాలోని పాత టైపు మిషను మీద ఆనాటి తేదీ కొట్టాకే మెకానిక్కు తాతయ్య పనిలో కూర్చునేవాడు. నలభై ఏళ్లుగా అదే వరస. కుట్టుమిషనైనా టైపు మిషనైనా, నంబరు చూసి తన నోటుబుక్కు తిప్పాడంటే పుట్టిన ఏడాది చెప్పేసేవాడు. ఆ వీధిలో ఆయన మాటకు తిరుగులేదు.

ఆ రోజు అదే వీధిలో కుట్టుపని చేసుకునే ఒక ఇంటి కోడలు పిల్ల ఎదురుగా కూర్చుంది. పోయిన అత్తగారి సింగర్ మిషను బల్ల మీదుంది. వారం కిందట తాతయ్యే దాని నంబరు చూసి, "ముందు అక్షరం లేదు తల్లీ. అంటే పంతొమ్మిది వందలకు ముందుది. ఎనిమిదితో మొదలయ్యే ఏడంకెలు, పద్దెనిమిది వందల ఎనభై ఎనిమిది ప్రాంతం" అన్నాడు. ఆ మాట నమ్మే పాత వస్తువులు కొనే పెద్దమనిషి ఊరు దాటి వచ్చాడు. ఆయనిచ్చేదాంతో మోటారు మిషను కొంటేనే ఆ పిల్లకి బడి యూనిఫాంల పని దక్కేది.

కొనే పెద్దమనిషి మిషను వంచి చూశాడు. "పూల బొమ్మలు చెదరలేదు, బాగుంది. నంబరు ముందు మురికి పేరుకుంది, తుడవండి."

తాతయ్య కిరసనాయిలు గుడ్డతో రుద్దాడు. భూతద్దం పెట్టాడు. మసక తప్ప ఏమీ ఆనలేదు. వారం కిందటా ఇంతే కనబడితే, అక్షరం లేదనుకున్నాడు.

"తల్లీ, నువ్వు చూడు."

ఆ పిల్ల వంగి చూసింది. అక్షరం లేదని చెబితే బేరం కుదిరిపోయేది.

"వై అని ఉంది తాతయ్యా."

తాతయ్య నోటుబుక్కు తెరవలేదు. వై అంటే పంతొమ్మిది వందల ఇరవై రెండు తర్వాతది. ఎనిమిదితో మొదలైతే ముప్ఫైల మొదట్లోది. లక్షల్లో తయారైన రకం.

"ఇలాంటివి నా దగ్గరే నాలుగున్నాయమ్మా," అన్నాడు పెద్దమనిషి నొచ్చుకుంటూ. "పాతదైతే చాలదు, అరుదుగా దొరకాలి. సింగర్‌లోనే చేతిపెట్టెలో పట్టే చిన్న నల్ల మిషను ఒకటుంది, దీనికంటే తర్వాతది, అయినా దానికే ఎగబడతారు. మీ టైపు మిషనూ అంతే పెద్దాయనా, వయసుంది గానీ వీధికొకటి."

ఆయన వెళ్లిపోయాక ఆ పిల్లే లేచి, కుండలోంచి నీళ్లు ముంచి తాతయ్య చేతికిచ్చింది.

"నిన్ను ఆశపెట్టి ముంచాను తల్లీ."

"మీరేం చేశారు తాతయ్యా, మురికి అలా ఉంటే. మా అత్త ఉంటే, నా మిషనుకి ముసలితనం అంటగడతారా అని మీ మీదికి వచ్చేది." నవ్వబోయి, మిషను మీద మిగిలిన మురికిని కొంగుతో తుడిచింది.

తాతయ్య నీళ్లు తాగలేదు. గ్లాసు పక్కన పెట్టి, భూతద్దం ఆమె ముందుకు జరిపాడు.

"ఒక్క సాయం చెయ్యమ్మా. ఇకమీదట ఎవరైనా మిషను తెస్తే కబురు పెడతాను. వచ్చి నంబరు నువ్వు చదివి చెప్పు. నాకు కనబడటం లేదు. ఇది ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు."