బ్లాంకమ్మ గారూ, పసుపు వాక్యాలూ

“నన్ను అబద్ధాలకోరు అంటారు మేడం. రేపు మా పాపకి ఊహ తెలిసేసరికి, మీ అమ్మ దొంగరాత రాసి పట్టా పోగొట్టుకుందట అని ఎవరో ఒకరు దాని చెవిన వేస్తారు.”

“పాపకిప్పుడెన్ని నెలలు?”

“ఎనిమిది.”

“అయితే ఊహ తెలియడానికి ఇంకా టైముందిలే. ముందు కళ్ళు తుడుచుకో. కీబోర్డు తడిస్తే కొత్తది ఇవ్వరు నాకు.”

గ్రంథాలయం కింది అంతస్తులో, పుస్తకాల అట్టలు అతికించే గది పక్కన ఉన్న చిన్న గది అది. కిటికీలోంచి నడిచేవాళ్ళ కాళ్ళు మాత్రమే కనిపిస్తాయి. పరిశోధన విద్యార్థులు సమర్పించే సిద్ధాంత వ్యాసాలన్నీ ముందు అక్కడికే వస్తాయి. వాటిని కంప్యూటర్లో పెట్టి, ఎక్కడైనా ఎత్తిరాశారా, అడిగింది రాసిపెట్టే ఏఐ యంత్రంతో రాయించారా అని చూసి నివేదిక తీయడం ఆ గదిలో ఉన్న పెద్దావిడ పని.

ఏడుస్తున్న అమ్మాయి రసాయనశాస్త్రంలో పరిశోధన చేస్తోంది. బంకమట్టిని కాల్చి, దాంతో తాగేనీటిలోని ఫ్లోరైడ్ తీసే పద్ధతి మీద నాలుగేళ్ళు పనిచేసింది. మధ్యలో పాప పుట్టింది. భుజం మీద పాప కక్కిన పాల మరకతోనే ఆ ఉదయం పరుగెత్తుకొచ్చింది.

ఆ సంస్థలో యంత్రం సాయం తీసుకోవడం తప్పు కాదు, చెప్పకపోవడం తప్పు. ఆమె చెప్పింది కూడా. ఇంతకుముందు ఇతరులు చేసిన పని గురించిన రెండో అధ్యాయంలో కొన్ని వాక్యాలను యంత్రంతో సాపు చేయించుకున్నానని మొదటి పేజీలోనే రాసింది. తీరా నివేదిక చూస్తే రెండో అధ్యాయంలో అక్కడక్కడా పసుపు, ప్రయోగాలు ఎలా చేసిందో తన చేత్తో రాసుకున్న మూడో అధ్యాయం నిండా పసుపు. పసుపు పడిన వాక్యం యంత్రం రాసినదని ఆ నివేదిక తీసే పరికరం ఉద్దేశం. ‘మూడో అధ్యాయం సంగతి దాచారు కాబట్టి తప్పుడు ప్రకటన. శుక్రవారం కమిటీ ముందుకు రండి’ అని డీన్ గారి ఆఫీసు నుంచి కబురు వచ్చింది. తప్పుడు ప్రకటన అని తేలితే వ్యాసం తిప్పిపంపరు, పేరే కొట్టేస్తారు.

పెద్దావిడని విద్యార్థులు చాటుగా బ్లాంకమ్మ అనేవాళ్ళు. చాటుగా అన్నది వాళ్ళ భ్రమ, ఆవిడకి తెలుసు. ఈ గదికి రాకముందు ఇరవై ఏళ్ళు ప్రయోగశాలలో పాఠం చెప్పింది. ఎవరు ఏ ఫలితం పట్టుకొచ్చినా ఆవిడ మొదటి ప్రశ్న ఒక్కటే: “బ్లాంక్ నడిపావా?” ఏమీ కలపని ఉత్త నీళ్ళు పెట్టినప్పుడు పరికరం సున్నా చూపించాలి. మోతాదు తెలిసిన ద్రావణం పెడితే ఆ మోతాదే చూపించాలి. ఆ తర్వాతే తెలియని నీళ్ళు. “ఉత్త నీళ్ళలోనే విషం ఉందనే పరికరాన్ని నమ్మి, ఊరి బావి మూయిస్తారా?” అని కసిరేది. ద్రావకాల ఘాటుకి ఊపిరి ఆడక డాక్టర్లు వద్దన్నాక ఆవిడని ఈ గదికి మార్చారు. పరికరం మారింది కానీ ఆవిడ మారలేదు.

“ఏదీ, కొత్త ప్రతి తెచ్చావన్నావుగా?”

అమ్మాయి బెరుకుగా ఇచ్చింది. నివేదిక వచ్చిన దగ్గర్నుంచీ పాపని ఒళ్ళో పెట్టుకుని ఆమె చేసిన పని, పసుపు పడిన ప్రతి వాక్యాన్నీ తిరగరాయడం. విద్యార్థులకీ అందుబాటులో ఉన్న అదే పరికరంలో మళ్ళీ పెట్టి చూస్తే, ఒకచోట పసుపు పోతే పక్క వాక్యానికి అంటుకునేది. దాన్ని మారిస్తే ఇంకోచోట తేలేది. భర్త చూసి, “గోడకి చెమ్మ వస్తే సున్నం కొట్టినట్టుంది నీ యవ్వారం” అన్నాడు. ఆమె అతన్ని పాప గుడ్డలు ఉతకమని పంపేసింది.

బ్లాంకమ్మ గారు మూడో అధ్యాయం తిరగేస్తూ ఒకచోట ఆగింది. “ఆరబెట్టిన మట్టిని వెంటనే తూచావా?”

“లేదు మేడం. తేమ తగలకుండా మూతపెట్టి, చల్లారాకే తూచాను.”

“మరి ఇక్కడ లేదే? ఆరబెట్టి తూచాం అనుంది. వేడి మట్టిని తూస్తే పళ్ళెం చుట్టూ గాలి పైకి లేచి బరువు తప్పు చూపిస్తుంది. మొదటి ఏడాది పిల్లలకి చెప్పే ముక్క.”

అమ్మాయి వంగి ఆ వాక్యం చూసింది. “ఆ వాక్యానికి పసుపు పడింది మేడం. చల్లారాక అన్నమాట తీసేస్తే పోయింది.”

“పోయింది పసుపు కాదమ్మాయ్, నిజం. నిజమైన వాక్యాన్ని చెడగొట్టి మంచిపేరు తెచ్చుకుందామనుకున్నావు. పాతవన్నీ ఉన్నవి ఉన్నట్టు పెట్టెయ్. ఆ తర్వాత నీ ఎమ్మెస్సీ ప్రాజెక్టు నివేదిక పట్రా. ఈ రాసే యంత్రాలు రాకముందుదేగా?”

“అవును మేడం, చాలా ముందుది.”

“అదే నా ఉత్త నీళ్ళు.”

మధ్యాహ్నం ఇద్దరూ కూర్చున్నారు. పాత నివేదికలోంచి కొన్ని పేరాలు తీశారు. అదే విషయం మీద యంత్రంతో బాహాటంగా కొన్ని వాక్యాలు రాయించి, పాత పేరాల మధ్య అక్కడొకటి ఇక్కడొకటి చొప్పించారు. ఏది ఎవరిదో ముందే వేరే కాగితం మీద గుర్తు పెట్టి, బోర్లించి, అప్పుడు పరికరానికి ఇచ్చారు.

మొత్తం మీద యంత్రం చెయ్యి ఉందని పరికరం బాగానే పట్టింది. ఏ వాక్యంలో అన్నదగ్గరే తడబడింది. యంత్రం వాక్యాలు కొన్ని తెల్లగా తప్పించుకున్నాయి. వాటి అటూ ఇటూ ఉన్న అమ్మాయి సొంత వాక్యాలకి పసుపు పడింది. మనిషి రాత, యంత్రం రాత కలిసే అంచుల దగ్గరే గందరగోళం ఎక్కువ.

బ్లాంకమ్మ గారు పసుపు పడిన ఒక పాత వాక్యాన్ని అక్షరం మార్చకుండా తీసి, అచ్చంగా అమ్మాయి రాసిన పేరా మధ్యలో పెట్టింది. ఈసారి పసుపు లేదు. మళ్ళీ మొదటిచోట పెట్టింది. పసుపు వచ్చింది.

“వాక్యం అదే కదా మేడం!”

“ఇరుగుపొరుగు మారారు. ఈ పరికరం వాక్యాన్ని ఒంటరిగా చూడదు. కొన్ని వాక్యాలని గుంపుగా పట్టుకుని మార్కు వేస్తుంది, కాస్త కిందికి జరిగి ఇంకో గుంపుకి వేస్తుంది. ఆ మార్కులన్నీ కలిపి ఒక్కో వాక్యానికి పంచుతుంది. దాని చేతిపుస్తకంలోనే ఉంది, ఎవరూ చదవరు. పైగా నీ మూడో అధ్యాయంలో కొలిచాం, కలిపాం, వడగట్టాం తప్ప ఇంకేముంది? తర్వాతి మాట ఏమిటో ఊహించగలిగే రాతని ఇది అనుమానిస్తుంది. ప్రయోగం రాయాలంటే అలాగే రాయాలి మరి, కవిత్వం రాస్తే ఊరుకుంటామా?”

అమ్మాయి చాలా రోజుల తర్వాత నవ్వింది. వెంటనే భయమేసింది. “కమిటీలో వింటారంటారా?”

“ఏమో. నేను చూపించగలను. వినడం వాళ్ళ పని.”

శుక్రవారం పొడవాటి బల్లకి ఆ చివర డీన్ గారు, ఇద్దరు సభ్యులు కూర్చున్నారు. ముగ్గురి ముందూ పసుపు నివేదికే ఉంది. డీన్ గారు చెడ్డవారు కాదు, తొందర మనిషి.

“మేడం, ఈ పరికరం కొనమని సిఫార్సు చేసినవాళ్ళలో మీరూ ఉన్నారు. ఇప్పుడు పనికిరాదంటారా?”

“అనను సార్. మొత్తం వ్యాసం మీద అనుమానమొస్తే మనిషిని పిలిచి మాట్లాడటానికి పనికొస్తుంది. ఈ వాక్యం యంత్రానిది, ఈ వాక్యం మనిషిది అని వేలు పెట్టి చూపించమంటే దాని చేతిలో సరుకు లేదు. ఒక వాక్యంలో ఉండేదే ఇరవై మాటలు. ఒక్క చుక్క నీళ్ళిచ్చి ఫ్లోరైడ్ కొలవమంటే ఏం కొలుస్తాం?”

తను చేసిన పరీక్ష చూపించింది. బోర్లించిన కాగితం డీన్ గారి చేతే తిప్పించింది. వాక్యాన్ని ఆయన ఎంచుకున్నచోటికే మార్చి చూపించింది. ఇది ఒక్క పరీక్షేననీ, పరికరం ఎప్పుడూ ఇంతే తప్పుతుందని తను చెప్పలేననీ కూడా అంది.

డీన్ గారు గడ్డం గోక్కున్నారు. “పసుపు సాక్ష్యం కాదనుకుందాం. అలాగని ఈ అమ్మాయి రాయించలేదని కూడా తేలలేదు కదా?”

“తేలలేదు సార్. అందుకేగా ఆమెని పిలిచింది. అడగండి.”

డీన్ గారు రెండో అధ్యాయం పసుపు లేని ప్రతి ఒకటి తెప్పించి, అమ్మాయికి పెన్సిలిచ్చి, యంత్రంతో సాపు చేయించినవేవో గీయమన్నారు. ఆమె గీసింది. నివేదిక పక్కన పెట్టి చూస్తే, ఆమె గీసిన వాటిలో చాలా వాక్యాలు తెల్లవి. పరికరం వదిలేసిన వాటిని ఆమే చూపించింది. పసుపు వాటిలో కొన్నింటిని గీయలేదు.

“ఇవి తెల్లగా ఉన్నాయి కదమ్మా. ఊరుకుంటే మాకు తెలిసేది కాదు.”

“చేయించాను కదండీ సార్, అందుకే గీశాను.”

ఒక సభ్యుడు మూడో అధ్యాయంలోంచి అడగడం మొదలుపెట్టాడు. ఎందుకు చల్లార్చారు, ఆ వడపోత కాగితమే ఎందుకు, రెండో విడతలో మట్టి ఎందుకు పగిలింది. పగిలిన మట్టి సంగతి రాగానే అమ్మాయి భయం మర్చిపోయింది. పొయ్యి ముందు ఎన్నిసార్లు తల పట్టుకుందో, వేడిని నెమ్మదిగా పెంచాలని ఎలా తెలిసిందో చేతులు తిప్పుతూ చెప్పుకుపోయింది. ఆయన నవ్వి పెన్ను మూశాడు. “ఈ అమ్మాయి చేసిందే, రాసిందే.”

ప్రకటన సరైనదేనని అక్కడే రాశారు. ఇకమీదట వాక్యాల మీది రంగుని సాక్ష్యంగా తీసుకోకూడదనీ, మనిషితో మాట్లాడకుండా తప్పుడు ప్రకటన అనకూడదనీ డీన్ గారే జత చేశారు. వెళ్తూ వెళ్తూ, “మీ దగ్గర చదువుకోనందుకు బతికిపోయాను మేడం” అన్నారు. “ఇప్పుడైనా చేరొచ్చు సార్” అందావిడ.

వారం తర్వాత అమ్మాయి పాపని తీసుకుని కింది గదికి వెళ్ళింది. ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియలేదు. పాపని ఆవిడ ఒళ్ళో కూర్చోబెట్టింది. పాప ఆవిడ కళ్ళజోడు లాగి నోట్లో పెట్టుకుంది.

“మేడం, మీరు మొదటినుంచీ నన్ను ఎలా నమ్మారు?”

“నమ్మలేదమ్మాయ్. నీ వ్యాసం వచ్చినరోజు నివేదిక తీసి బోర్లించి, ముందు వ్యాసం చదివాను. ఎప్పుడూ అంతే. రేపు నువ్వూ పాఠం చెబుతావు, నీ బల్ల మీదికీ ఇలాంటివి వస్తాయి. రంగు చూడకముందే రాత చదువు. ఒక్కసారి రంగు చూశాక ప్రతి వాక్యం దొంగలానే కనిపిస్తుంది, నీకైనా నాకైనా. చదివాక అనుమానముంటే పిల్లని కూర్చోబెట్టి అడుగు.”

ఇప్పుడు ఆ అమ్మాయి ఒక కాలేజీలో రసాయనశాస్త్రం చెబుతోంది. ప్రాజెక్టు నివేదికలు వచ్చే రోజుల్లో బల్ల మీద రెండు దొంతరలుంటాయి. రంగు కాగితాలని సొరుగులో పెట్టి మూసేస్తుంది. రాతని ముందుకు లాక్కుని, మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెడుతుంది.