తొమ్మిది వేల తేడా

పొద్దున అమీర్‌పేటలో కోచింగ్ క్లాసు, మధ్యాహ్నం నుంచి పంజాగుట్టలో సర్జికల్ సామాన్ల దుకాణంలో లెక్కలు. రెండింటి మధ్యా మెట్రో మెట్లు. ఏళ్ళుగా ఇదే వరస. నాకంటే ముందు నా మోకాళ్ళు విసిగిపోయాయి.

ప్రతి బ్యాచ్‌కీ ఒకటే పాట పాడతాను. మన క్యాష్‌బుక్కూ బ్యాంకు పాస్‌బుక్కూ ఒకే డబ్బును చెరో వైపు నుంచీ రాసుకుంటాయి. మన పుస్తకంలో డెబిట్ అంటే ఖాతాలోకి వచ్చింది. పాస్‌బుక్‌లో డెబిట్ అంటే ఖాతాలోంచి పోయింది. పిల్లలు తల ఊపుతారు, పరీక్షలో తిరగేసి రాస్తారు.

ఆ గురువారం దుకాణంలో అడుగుపెట్టేసరికి భాయ్ స్టూలు మీద ఊరికే కూర్చుని ఉన్నాడు. బోరబండ నుంచి వస్తాడు, క్యాషియరు, బ్యాంకు పనులన్నీ ఆయనవే. ఊరికే కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. ఓనరు గారు ఆయన దగ్గర గల్లాపెట్టె తాళంచెవి తీసేసుకున్నారట.

"చూడండి మేడం," అన్నారు ఓనరు గారు. "నెలాఖరుకి మన పుస్తకంలో రెండు లక్షల నలభై వేలు. బ్యాంకులో రెండు లక్షల మూడు వేల నాలుగు వందలే. ముప్ఫై ఆరు వేల ఆరు వందలు ఏమయ్యాయంటారు? బ్యాంకుకి వెళ్ళేది ఎవరు?"

నాకు ఒళ్ళు మండింది. నెలాఖరున ఆ రెండూ కలిస్తేనే వింత. అయినా వాదించే ఓపిక లేక, కూర్చుని పెన్ను తీశాను.

మన పుస్తకం నిల్వతో మొదలుపెట్టాను. నెలాఖరు రోజు, మంగళవారం సాయంత్రం భాయ్ బ్యాంకులో వేసిన రెండు చెక్కులు, నలభై ఆరు వేలు, బ్యాంకు ఇంకా వసూలు చేయలేదు, తీసేశాను. బ్యాంకు కోసుకున్న చార్జీలు ఆరు వందలు, మనం రాయలేదు, తీసేశాను. ఒక ఖాతాదారు నేరుగా ఖాతాలో వేసిన అయిదు వేలు మనకు తెలియనే తెలియదు, కలిపాను. పద్నాలుగు వేల చెక్కులు మనం ఇచ్చినట్టు పుస్తకంలో రాసేశాం గానీ బ్యాంకులో ఇంకా పడలేదు, అవీ కలిపాను. మంగళవారం డబ్బు బయటికి పోకూడదని ఓనరు గారు వాటిని తన సొరుగులోనే దాచుకున్నారు మరి.

రెండు లక్షల పన్నెండు వేల నాలుగు వందలు వచ్చింది. బ్యాంకు నిల్వ కంటే ఇంకా తొమ్మిది వేలు ఎక్కువ.

"అదుగో, ఆ తొమ్మిది వేలే!" అన్నారాయన, దొంగ దొరికినట్టు. భాయ్ నేల చూపులు చూశాడు.

తేడా మిగిలితే సగం చేసి ఆ అంకెను వెతకమని క్లాసులో చెబుతాను; పోయినదాన్ని వచ్చినట్టు రాస్తే తేడా రెట్టింపవుతుంది. సగం నాలుగు వేల అయిదు వందలు. పాస్‌బుక్‌లో దొరికింది: దుకాణం ఇన్సూరెన్స్ ప్రీమియం, డెబిట్. మన క్యాష్‌బుక్‌లోనూ ఉంది, డెబిట్ వైపే, అంటే డబ్బు వచ్చినట్టు! పక్కన ఓనరు గారి కొక్కిరిబిక్కిరి రాత. ఆదివారం ఫోన్లో బ్యాంకు ఖాతా చూసి ఆయనే ఎక్కించారు.

పేజీ ఆయన ముందు పెట్టాను. "అక్కడ డెబిట్ అనే ఉందిగా, నేనూ డెబిట్టే రాశాను," అన్నారు. ఆపైన, "సరేలెండి, టాలీ అయింది కదా," అని తాళంచెవి బల్ల మీద పెట్టి ఫోనెత్తుకున్నారు. భాయ్ వైపు తిరిగి చూడనైనా లేదు.

సాయంత్రం ఆ లెక్కంతా స్టేట్‌మెంటుగా ప్రింట్ తీస్తుంటే భాయ్ వచ్చి నిలబడ్డాడు.

"మేడం, గా కాయితం నాకు సుత ఒకటియ్యుండ్రి. తాళంచెవి గుంజుకున్నరని ఇంట్ల చెప్పిన. 'ఏం చేసినవ్ అబ్బాజాన్' అని అడిగింది నా బిడ్డ. గిది చూపియ్యాలె."

ఇచ్చాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని పైనుంచి కిందికి వేలు జరుపుతూ చూశాడు. చివర పాస్‌బుక్ నిల్వ, దాని కింద రెండు గీతలు.

"ఇందుల నేను తియ్యలేదని ఏడుంది?"

ఇన్నేళ్ళలో ఎందరికి నేర్పానో ఆ స్టేట్‌మెంటు. కాగితం తిరిగి తీసుకుని, రెండు గీతల కింద తెలుగులో రాశాను: 'భాయ్ చేతికిచ్చిన ప్రతి రూపాయీ బ్యాంకులో చేరింది. తప్పు రాసింది ఓనరు.' ఓనరు గారి సంతకానికి లోపలికి పట్టుకెళ్ళాను.

"ఇదెందుకండీ?" అన్నారు ఓనరు గారు.

"ఇంకా ఒక తేడా సర్దాల్సి ఉందండీ," అన్నాను. పెన్ను ఆయన చేతికిచ్చి, సంతకం పెట్టేదాకా అక్కడే నిలబడ్డాను.